బాణం నిలకడగానే ఉంది, మరి షుగర్ ఎందుకు పడింది?

పరిగెడితే షుగర్ తగ్గుతుందన్నది అందరికీ తెలిసిన మాటే. డాక్టర్లు రోజూ నడవమని చెప్పేదీ అందుకే. కానీ ఇన్సులిన్ మీద బతికే టైప్ 1 డయాబెటిస్ మనిషికి ఈ మాట సగమే నిజం. అదే మనిషి, అదే దారి, అదే వేగం. ఒక ఆదివారం షుగర్ 60కి జారిపోతుంది, మరో ఆదివారం 260కి ఎక్కి కూర్చుంటుంది. తేడా కాళ్లలో లేదు. పరుగు మొదలయ్యే సమయానికి ఒంట్లో ఎంత ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూ ఉందన్న దగ్గర ఉంది. లాంగ్ రన్‌లకు వెళ్లే షుగర్ రన్నర్లు కుస్తీ పట్టేదంతా దాదాపుగా ఈ ఒక్క ప్రశ్నతోనే.

షుగర్ జబ్బు లేని మనిషి పరుగు అందుకోగానే అతని పాంక్రియాస్ ఇన్సులిన్‌ని తగ్గించేస్తుంది. లివర్ తాను దాచుకున్న గ్లైకోజెన్‌ని కరిగించి గ్లూకోజ్‌గా రక్తంలోకి వదులుతుంది. కండరాలు ఎంత వాడుకుంటే లివర్ ఇంచుమించు అంతే పోస్తుంది కాబట్టి రెండు గంటలు పరిగెత్తినా రక్తంలో గ్లూకోజ్ పెద్దగా కదలదు. ఆ మనిషికి ఇదంతా జరుగుతోందని కూడా తెలియదు.

టైప్ 1లో ఇన్సులిన్ వచ్చేది సూది నుంచి. ఒకసారి చర్మం కిందికి ఎక్కించాక వెనక్కి తీసుకునే మార్గం లేదు. పరుగు మొదలైందని అది తగ్గదు. పైగా ఒళ్లు వేడెక్కి రక్తప్రసరణ పెరిగేసరికి మామూలు కంటే తొందరగా రక్తంలో కలుస్తుంది. తొడకు సూది వేసుకుని వెంటనే పరిగెత్తొద్దని, పొట్టకు వేసుకోమని చెప్పేది ఇందుకే. ఇంకోపక్క, పనిచేస్తున్న కండరానికి ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్‌ని లోపలికి లాక్కునే దారి ఒకటుంది. అంటే గ్లూకోజ్‌ని లాగే చేతులు రెండయ్యాయి. ఒంట్లో ఇన్సులిన్ దండిగా ఉంటే లివర్ కూడా చెయ్యి ముడుచుకుంటుంది, గ్లూకోజ్ వదలదు. ఇక షుగర్ పడిపోక ఏం చేస్తుంది?

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్లో పనిచేసిన ఆర్.డి. లారెన్స్ అనే డాక్టరు, వ్యాయామం చేస్తే ఇన్సులిన్ ప్రభావం పెరుగుతుందని 1926లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆయనే స్వయంగా డయాబెటిక్. 1923లో ఇన్సులిన్ చేతికందబట్టి బతికి బయటపడ్డవాడు. ఇన్సులిన్ వాడకంలోకి వచ్చిన నాలుగేళ్లకే ఈ చిక్కుముడి కనిపించిందన్నమాట. అప్పట్లో లేనివీ ఇప్పుడున్నవీ ఏమిటంటే త్వరగా పనిచేసే ఇన్సులిన్లు, చేతికి అంటించుకునే సీజీఎం సెన్సర్, 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో ప్రచురించిన మార్గదర్శకాలు. టైప్ 1 మనిషి వ్యాయామానికి ముందు, మధ్యలో, తర్వాత ఏం చేయాలో అంకెలతో సహా చెప్పిన పత్రం అది. ఇక్కడ నేను చెప్పే అంకెల్లో చాలావాటికి అదే ఆధారం.

అంకెలను ఊరికే వల్లె వేసేకంటే ఒక మనిషి మీద పెట్టి చూస్తే బాగా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఉండే ముప్పైనాలుగేళ్ల ఒకావిడను ఊహించుకుందాం. బరువు 60 కిలోలు. పదహారో ఏట టైప్ 1 బయటపడింది. రాత్రి పడుకునే ముందు గ్లార్జిన్ 18 యూనిట్లు వేసుకుంటుంది. అది రోజంతా నిదానంగా పనిచేసే ఇన్సులిన్. భోజనానికి త్వరగా పనిచేసే ఆస్పార్ట్. పది గ్రాముల పిండిపదార్థానికి, అంటే రన్నర్లు కార్బ్స్ అనేదానికి, ఒక యూనిట్. షుగర్ ఎక్కువగా ఉంటే దించడానికి ఒక యూనిట్ సుమారు 50 పాయింట్లు దించుతుంది. ఈ లెక్కలు ఆమెవి, ఆమెకు ఆమె డాక్టరు కట్టినవి. ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు కాబట్టి చదివేవాళ్లు దారి చూడాలి తప్ప డోసు ఎత్తుకోకూడదు.

ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు ఆమె తయారవుతోంది. నెక్లెస్ రోడ్డులో చీకట్లోనే మొదలై ఫ్లైఓవర్లు ఎక్కిస్తూ గచ్చిబౌలి దాకా లాక్కెళ్లే పరుగు అది. ఆ సీజన్లో ఒక ఆదివారం కేబీఆర్ పార్కు బయటి రోడ్డు చుట్టూ 24 కిలోమీటర్లు వేసుకుంది. ఈ చుట్టు తిరిగే దారులు షుగర్ రన్నర్లకు మంచివి. కారు ఒకచోట ఆపుకుంటే ప్రతి చుట్టుకూ తిండి, మీటరు చేతికందుతాయి. ఊరి బయట తిన్నగా పన్నెండు కిలోమీటర్లు పోయి తిరిగి రావడానికి, దీనికి చాలా తేడా ఉంది.

శనివారం రాత్రి చుట్టాలింట్లో ఫంక్షన్. తొమ్మిదిన్నరకు బిర్యానీ. కార్బ్స్ లెక్కగట్టి సూది వేసుకుంది. కానీ నూనె, మాంసం ఎక్కువున్న భోజనం అరగడానికి గంటలు పడుతుంది. సూది మందు పని ముగుస్తున్న వేళకు షుగర్ మెల్లగా పైకి లేస్తుంది. తెల్లవారుజామున 2:45కు సెన్సర్ అలారం కొట్టింది. షుగర్ 248. నిద్ర కళ్లతో లెక్క చూసుకుని రెండు యూనిట్లు వేసుకుని పడుకుంది. రోజూ పాటించే లెక్క ప్రకారం అది సరైన డోసే.

4:15కు లేచేసరికి 186. చిన్న అరటిపండు తింది. సుమారు ఇరవై గ్రాముల కార్బ్స్. దానికి సూది వేసుకోలేదు. పొద్దున్నే భోజనపు ఇన్సులిన్ లేకుండా, రాత్రి వేసిన గ్లార్జిన్ ఒక్కదాని మీదే పరిగెత్తడం చాలామంది టైప్ 1 రన్నర్లు ఇష్టపడే పద్ధతి. ఒంట్లో ఇన్సులిన్ తక్కువ కాబట్టి షుగర్ పడటమూ తక్కువే. సాయంత్రం పరిగెత్తేవాళ్లకీ, మూడు గంటల ముందు టిఫిన్ తినేవాళ్లకీ ఈ సౌలభ్యం ఉండదు. వాళ్లు ఆ తిండికి వేసే డోసునే తగ్గించుకోవాలి. మామూలు వేగంతో గంటసేపు పరిగెత్తేటట్టయితే ముందరి భోజనపు డోసులో మూడొంతులు తగ్గించి పావు వంతే వేయడం కూడా మార్గదర్శకాల్లో ఉంది. పంపు వాడేవాళ్లు పరుగుకు గంటన్నర ముందే బేసల్‌ని సగానికి గానీ అంతకంటే కిందికి గానీ దించుతారు. బయలుదేరేటప్పుడు దించితే లాభం లేదు. అప్పటికే చర్మం కింద చేరిన మందు తన పని తాను చేసుకుపోతుంది.

ఐదు గంటలకు సెన్సర్ 172 చూపించింది. పక్కన బాణం అడ్డంగా, నిలకడగా ఉంది. పుస్తకం ప్రకారం ఇది చక్కటి ఆరంభం. 126 నుంచి 180 మధ్య ఉంటే హాయిగా మొదలుపెట్టొచ్చు. 90 నుంచి 125 దాకా ఉంటే పది గ్రాముల గ్లూకోజ్ తీసుకుని బయలుదేరాలి. 90 లోపల ఉంటే తిని, షుగర్ పైకి వచ్చేదాకా ఆగాలి. ఆమె బయలుదేరింది.

ఈ 172లో ఒక మోసం దాగుంది. త్వరగా పనిచేసే ఇన్సులిన్ వేసుకున్న గంట నుంచి రెండు గంటల్లో జోరందుకుంటుంది. తర్వాత నెమ్మదించినా నాలుగైదు గంటల దాకా ఎంతో కొంత పనిచేస్తూనే ఉంటుంది. 2:45 నాటి రెండు యూనిట్లలో ఐదింటికి గణనీయమైన వంతు మిగిలే ఉంది. దాని కిందికి లాగుడూ, అరటిపండు పైకి తోయడమూ సరిసమానమై బాణం అడ్డంగా నిలబడింది. అరటిపండు గంటలో అయిపోతుంది. ఇన్సులిన్ అయిపోదు. సెన్సర్‌కి తెలిసింది ఇప్పటి షుగర్, గత కొద్ది నిమిషాల నడక, అంతే. రానున్న గంటలో ఏమవుతుందో తెలియాలంటే గత నాలుగు గంటల్లో ఎప్పుడు, ఎన్ని యూనిట్లు వేసుకున్నానన్నది రన్నరే గుర్తుపెట్టుకోవాలి.

5:30కు 158. ఆరింటికి 127, బాణం ఏటవాలుగా కిందికి. రెండు ఎండు ఖర్జూరాలు నోట్లో వేసుకుంది, దాదాపు పది పన్నెండు గ్రాములు. ఆమె ప్లానులో అరగంటకు ఒకసారి ఇంతే ఉంది. గ్లార్జిన్ ఒక్కటే ఉన్న రోజున షుగర్ పడకుండా ఉండటానికి గంటకు పది పదిహేను గ్రాములే చాలు, ఒంట్లో ఓపిక నిలవడానికి ఇంకాస్త ఎక్కువ తింటారు కాబట్టి ఆ ప్లాను తప్పేమీ కాదు. భోజనపు ఇన్సులిన్ పనిచేస్తున్న రోజున మాత్రం గంటకు నలభై నుంచి అరవై గ్రాములైనా పడతాయి. ఆ రోజు ఆమెకు తెలియకుండానే రెండో రకం రోజైంది.

6:20కి సెన్సర్ 96 చూపించింది. బాణం ఇంకా కిందికే. చాలా సెన్సర్లలో ఏటవాలు బాణానికి అర్థం నిమిషానికి ఒకటి నుంచి రెండు పాయింట్లు పడుతోందని. అంటే పదిహేను నిమిషాల్లో 70 తగలొచ్చు. అసలు 96 కూడా నిజంగా 96 కాదు. సెన్సర్ తీగ ఉండేది రక్తంలో కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో. రక్తంలో మార్పు అక్కడికి చేరడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. పరుగులో షుగర్ వేగంగా పడేటప్పుడు ఈ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. అందుకే ఆమె ఆగి వేలు గుచ్చుకుంది. మీటరులో 81.

గుచ్చే ముందు ఆమె చేసిన ఒక చిన్న పని గురించి చెప్పాలి. సీసాలో నీళ్లతో వేలు కడుక్కుని, టీషర్టు లోపలి వైపు తుడుచుకుంది. ఖర్జూరం పట్టుకున్న వేలికి, జెల్ చింపిన వేలికి అంటిన జిగురు ఒక్క రవ్వంత స్ట్రిప్పుకు తగిలినా మీటరు 81ని 180గా చూపిస్తుంది. అది చూసి ధైర్యంగా పరుగు కొనసాగిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. చెమట నీళ్లు కలిస్తే చుక్క పలచనై అంకె తగ్గి కనిపించవచ్చు. కడగడం, తుడవడం రెండూ కావాలి.

ఆమె నడుముకు కట్టుకున్న బెల్టులో ముందే కొలిచి పెట్టుకున్న గ్లూకోజ్ పొడి పొట్లం ఉంది, పదిహేను గ్రాములు. అంటే మూడు చెంచాల చక్కెరంత. కొంచెం నీళ్లలో కలిపి తాగేసి నడక మొదలుపెట్టింది. ఇక్కడ చాలామంది తడబడేది ఏం తీసుకోవాలన్న దగ్గరే. చాక్లెట్, పల్లీ చిక్కీ బ్యాగులో పెట్టుకుంటారు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలో కలవడం ఆలస్యమవుతుంది. ఓఆర్ఎస్ ఉందిగా అనుకుంటారు. లీటరు నీళ్లలో కలిపే ప్రామాణిక ఓఆర్ఎస్ పొట్లంలో గ్లూకోజ్ 13.5 గ్రాములే. ఒక గ్లాసు తాగితే మూడు గ్రాములు కూడా రాదు. అది నీళ్లు, ఉప్పు పోయినదాన్ని పూడ్చడానికి, పడిపోయిన షుగర్‌ని లేపడానికి కాదు. కొబ్బరినీళ్లలోనూ చక్కెర తక్కువే. దారిలో వాలంటీర్లు ఇచ్చే ఉప్పు మజ్జిగ సంగతి సరేసరి. పడిపోతున్నప్పుడు కావలసింది గ్లూకోజ్ పొడి, గ్లూకోజ్ బిళ్లలు, చక్కెర నీళ్లు, లేదా మామూలు చక్కెర కూల్‌డ్రింకు. డైట్ అని రాసి ఉన్నది తీసుకుంటే చుక్క కూడా పనికిరాదు.

పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ వేలు గుచ్చితే 94. సెన్సర్ మాత్రం అప్పుడు 74 చూపిస్తోంది. ఇందాకటి ఆలస్యమే ఇప్పుడు తిరగబడింది. రక్తంలో షుగర్ లేచింది, చర్మం కింద ద్రవానికి ఆ కబురు ఇంకా అందలేదు. ఇక్కడే కంగారుపడి మరో ముప్పై నలభై గ్రాములు కుక్కేసి, గంట తర్వాత 280 చూసి తల పట్టుకునేవాళ్లు ఉంటారు. పడిపోయేటప్పుడూ లేచేటప్పుడూ మీటరునే నమ్మాలి. ఆమె ఇంకో పది గ్రాములు మాత్రమే తీసుకుంది. 6:50కి 117, బాణం అడ్డంగా. పరుగు మళ్లీ మొదలైంది, కానీ 24ని 20కి కుదించుకుని. నా ఉద్దేశంలో ఆ ఉదయం ఆమె చేసిన మంచి పని అదే. పడబోయి నిలబడ్డ షుగర్ మళ్లీ పడటానికి మొగ్గు చూపుతుంది.

పక్కన పరిగెత్తే అమ్మాయికి ఈ సంగతులు తెలుసు. షుగర్ పడిన మనిషికి చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. పది కిలోమీటర్లు పరిగెత్తిన ఎవరికైనా ఇవన్నీ ఉంటాయి. కాబట్టి రన్నర్లకు ఈ లక్షణాలు పనికిరావు. మెదడుకు గ్లూకోజ్ అందని గుర్తులు చూడాలి. పెదాలు తిమ్మిరెక్కడం, చూపు మసకబారడం, కారణం లేకుండా విసుక్కోవడం, అన్నమాటే అనడం, చదునైన రోడ్డు మీద కాలు తడబడటం. వీళ్లిద్దరూ ఒక ఒప్పందం పెట్టుకున్నారు. "అక్కా, ఇరవైనాలుగులో పదమూడు పోతే ఎంత?" అని చిన్నది అడుగుతుంది. పదకొండు అని వెంటనే వస్తే సరే. "ఎందుకే ఊరికే విసిగిస్తావ్" అని వస్తే ఆపి నోట్లో గ్లూకోజ్ పెట్టాల్సిందే, మీటరు సంగతి తర్వాత. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లూకగాన్ మందు దగ్గరుంటే ఇవ్వాలి. అయితే అది పనిచేసేది లివర్‌లో ఉన్న గ్లైకోజెన్ మీద. రెండు మూడు గంటలు పరిగెత్తి ఆ నిల్వ ఖాళీ చేసుకున్న మనిషిలో దాని బలం తగ్గుతుంది. గ్లూకగాన్ ఇచ్చాం కదా అని అంబులెన్స్‌ని ఆపేయకూడదు.

ఇంతకుముందు రోజు షుగర్ బాగా పడిపోయి ఉంటే ఈ గుర్తులు కూడా మొండికేస్తాయి. ఒకసారి లో షుగర్ వస్తే మరుసటి రోజు శరీరం అంత గట్టిగా గంట కొట్టదు, ఆదుకునే హార్మోన్లు కూడా అంతగా రావు. ఇంకొకరి సాయంతో గట్టెక్కాల్సినంత తీవ్రంగా పడితే ఇరవైనాలుగు గంటల దాకా పరుగు పెట్టుకోవద్దని మార్గదర్శకాలు చెప్పేది అందుకే.

ఆమె పరుగు ముగించింది 7:40 ప్రాంతంలో. చివరి ఎత్తు మీద కాస్త జోరుగా లాగింది. అప్పుడు 138 ఉన్న షుగర్ ఎనిమిదిం పావుకు 196 అయింది, ఏమీ తినకుండానే. గట్టిగా శ్రమపడితే అడ్రినలిన్ పొంగి లివర్ గ్లూకోజ్‌ని ఒక్కసారిగా విడుస్తుంది. రేసు రోజున స్టార్ట్ లైన్ దగ్గర గుండె వేగం పెరిగేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ప్రాక్టీసులో 140తో మొదలయ్యే మనిషి రేసు పొద్దున్న 220 చూసి కంగారుపడతాడు. ఆ అంకె చూసి సూది వేసుకోవడం ప్రమాదం. పొంగు గంటలో దానంతటదే దిగుతుంది. అదే సమయానికి ఖాళీ అయిన కండరాలు గ్లూకోజ్ కోసం నోరు తెరుచుకుని ఉంటాయి. ఆమె 196ని అలా వదిలేసింది. టిఫిన్‌కి నాలుగు ఇడ్లీలు, సాంబారు. ఇంట్లో మామూలు సైజు ఇడ్లీకి పది గ్రాములు లెక్కేసినా అన్నీ కలిపి యాభై. రోజూ అయితే ఐదు యూనిట్లు. ఆ రోజు మూడే వేసుకుంది. లాంగ్ రన్ తర్వాతి భోజనానికి పావు వంతు నుంచి సగం దాకా తగ్గించడం ఆమె డాక్టరు ఒప్పుకున్న పద్ధతి. పదకొండింటికి 142.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. కండరాలు ఖర్చుపెట్టిన గ్లైకోజెన్‌ని తిరిగి నింపుకోవడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. అంతదాకా ఇన్సులిన్ మామూలు కంటే పదునుగా పనిచేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం తిని కునుకు తీసే వేళ కొందరికి షుగర్ పడుతుంది. సాయంత్రం పరిగెత్తేవాళ్లకైతే అసలు గండం అర్ధరాత్రి దాటాకే. అందుకని ఆ రాత్రి ఆమె గ్లార్జిన్ 18 కాకుండా 14 వేసుకుంది, దాదాపు ఇరవై శాతం తక్కువ. పడుకునే ముందు ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు, వాటికి సూది లేకుండా. సెన్సర్ అలారం 70 నుంచి 80కి జరిపింది. డెగ్లుడెక్ వాడేవాళ్లకు ఈ కిటుకు పనిచేయదు. ఆ ఇన్సులిన్ నలభై గంటలకు పైగా ఒంట్లో ఉంటుంది కాబట్టి ఒక్క రాత్రి డోసు తగ్గించినా ఆ రాత్రికి పెద్ద తేడా రాదు. వాళ్లు తిండితోనూ భోజనపు డోసుతోనూ సర్దుకోవాలి. మరో సంగతి, సెన్సర్ ఉన్న చెయ్యి మీదే ఒత్తిగిలి పడుకుంటే అక్కడ ఒత్తిడికి అంకె దొంగగా 60కి పడిపోయి అలారం కొడుతుంది. పక్కకు తిరిగి, వేలు గుచ్చి చూసుకున్నాకే ఏదైనా తినాలి.

ఇప్పటిదాకా పడిపోవడం గురించే మాట్లాడుకున్నాం. దానికి పూర్తిగా తలకిందులైన ప్రమాదం ఒకటుంది. ఇన్సులిన్ బొత్తిగా లేనప్పుడు షుగర్ 270 దాటి ఉంటే, పరిగెత్తి కరిగించేద్దాం అనుకోవడం. పంపు గొట్టం చర్మం కింద మడత పడి ఉండవచ్చు, రాత్రి సూది మరిచిపోయి ఉండవచ్చు, ఎండలో పెట్టిన కారులో పెన్ను వేడెక్కి మందు చచ్చి ఉండవచ్చు. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపల ఉంచాలి, మన మే నెలలో కారు లోపల దానికి రెట్టింపు దాకా పోతుంది. ఇన్సులిన్ లేకపోతే కణాలు ఆకలితో కొవ్వును కాల్చుకుంటాయి, కీటోన్లు పేరుకుంటాయి. పరిగెత్తితే లివర్ ఇంకా గ్లూకోజ్ పోస్తుంది, కీటోన్లు ఇంకా పెరుగుతాయి. కాబట్టి కారణం తెలియకుండా 270 దాటితే రక్తంలో కీటోన్లు చూసుకోవాలి. 1.5 ఉంటే ఆ రోజు పరుగు లేదు, డాక్టరుకు ఫోనే. 0.6 దాటితే ముందు దాని సంగతి చూడాలి. వికారం, కడుపునొప్పి, బరువైన శ్వాస ఉంటే ఇక అంకెల కోసం చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అదే 270 గంట క్రితం తిన్న దోశ వల్లేనని తెలిసి, కీటోన్లు లేకుంటే, నెమ్మదిగా మొదలుపెట్టొచ్చు.

టైప్ 2 వాళ్లలో చాలామందికి ఇంత లెక్క అక్కర్లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు పరుగులో షుగర్ ప్రమాదకరంగా పడటం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి బిళ్లలు వేరు. అవి పాంక్రియాస్‌ని పిండి ఇన్సులిన్ రాబడతాయి, పరుగు మొదలైందని ఊరుకోవు. పొద్దున్నే ఆ బిళ్ల వేసుకుని టిఫిన్ మానేసి పదిహేను కిలోమీటర్లు పరిగెత్తితే టైప్ 1 మనిషి పాట్లే పడాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మూత్రంలో చక్కెరను, దాంతో నీళ్లనూ పోగొడతాయి. ఉక్కపోత రోజున లాంగ్ రన్‌కి అది అదనపు బెడద. అరుదుగా షుగర్ 180 ఉన్నా కీటోన్లు పెరిగే పరిస్థితి వస్తుంది. మారథాన్ ముందు కొన్ని రోజులు ఈ మందు ఆపాలా అన్నది డాక్టరును అడగాల్సిన ప్రశ్న. బీపీకి బీటా బ్లాకర్లు వాడేవాళ్లకు లో షుగర్ దడ, వణుకు తెలియవు, చెమట మాత్రం తెలుస్తుంది.

షుగర్ వచ్చి చాలా ఏళ్లయినవాళ్లు దూరం పెంచే ముందు డాక్టరు దగ్గర మూడు పరీక్షలు తప్పించుకోకూడదు. కంటి రెటీనా, గుండె, పాదాల స్పర్శ. రెటీనాలో కొత్త రక్తనాళాలు పెరుగుతున్న దశలో గట్టి శ్రమ రక్తస్రావానికి దారితీస్తుంది. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు. బూటు విప్పాక సాక్సు మీద రక్తపు మరక చూసి తెలుసుకునేవాళ్లున్నారు.

ఆ సోమవారం ఆమె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది సెన్సర్ గ్రాఫు ఒక్కటే కాదు. ఎన్నింటికి ఏం తింది, ఎన్నింటికి ఎన్ని యూనిట్లు, ఎన్నో కిలోమీటరులో మీటరు ఎంత అన్నది ఒక కాగితం మీద వరసగా రాసింది. డాక్టరు గ్రాఫులో 6:20 దగ్గర ఆగలేదు, వేలు పెట్టి వెనక్కి జరుపుకుంటూ 2:45 దగ్గర ఆపారు. "ఇక్కడ రెండు యూనిట్లు ఎందుకమ్మా?" అన్నారు. "248 ఉంది సార్, లెక్క ప్రకారమే వేశా" అంది. "మామూలు రోజుకు లెక్క అదే. మూడు గంటల్లో పరిగెడతానని తెలిసిన రాత్రి ఒక్కటే వెయ్యి, 220 లోపల ఉంటే అదీ వద్దు. పరుగే దించుతుంది." గ్లార్జిన్ ముట్టుకోలేదు, ఖర్జూరాల లెక్క మార్చలేదు. రెండు మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదన్నారు. వచ్చే శనివారం బిర్యానీ వద్దని ఆమెకు ఆమే అనుకుంది. మిగతావన్నీ యథాతథంగా ఉంచి మళ్లీ అదే దారిలో 20 కిలోమీటర్లు పరిగెత్తి ఆ కాగితం తెమ్మన్నారు.